పెద్దమ్మ ఏడు నిమిషాల వాయిస్ నోట్‌ని పనుల జాబితాగా మార్చుకోవడం ఎలా

పెద్దవాళ్ళు వాయిస్ నోట్‌లో చెప్పే పనులు వాళ్ళకి గుర్తొచ్చిన వరసలో వస్తాయి. మనం చేయాల్సిన వరస వేరు. ఆదివారం పొద్దున తేవాల్సిన పూలు మొదటి నిమిషంలో ఉంటాయి, గురువారమే ఆర్డర్ ఇవ్వాల్సిన స్వీట్ల అసలు లెక్క ఐదో నిమిషంలో ఉంటుంది. మధ్యలో పాత పెళ్ళి కబురు ఒకటి, ఎవరో అన్న మాట ఒకటి. విని "సరే పెద్దమ్మా" అని పెట్టేసి, తర్వాత గుర్తున్నంత వరకు రాసుకుంటే మిగిలేది సారాంశం. దాంతో పని జరగదు. ఆ నోట్‌లోని ప్రతి వాక్యం ఏమైందో చెప్పగలిగేలా ఉన్నదే పనికొచ్చే జాబితా.

ఒక నోట్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. మా పెద్దమ్మ వాళ్ళది గుంటూరు బ్రాడీపేట. అన్నయ్య తాంబూలాలు ఆదివారం, విజయవాడ సత్యనారాయణపురంలో అమ్మాయి వాళ్ళింట్లో. మగపెళ్ళివారు పట్టుకెళ్ళాల్సిన పళ్ళేల సామాను గుంటూరు నుంచి మోసుకురావడం ఎందుకని, విజయవాడలో ఉన్న నన్ను కొనమంది. నోట్ నిడివి ఏడు నిమిషాలు. అందులో పనికొచ్చే ముక్కలు, ఆవిడ చెప్పిన వరసలోనే ఇవి:

"నానా, పడుకున్నావా? పొద్దున ఫోన్ చేద్దామనుకున్నా, మర్చిపోతానేమోనని ఇప్పుడే చెప్తున్నా. మధ్యలో మూడు రోజులే ఉంది, నాకు టెన్షన్‌గా ఉంది. స్వీట్లు ఐదు కేజీలు చెప్పు, లడ్డూలు, కాజాలు సమానంగా. పూల సంగతి... మీ అక్క తాంబూలాలప్పుడు ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు, పొద్దునకల్లా రంగు మారిపోయి దాని అత్తగారు అందరి ముందూ అననే అంది. మల్లెపూలు పది మూరలు చాలు. చీర ఫాల్‌కి ఇచ్చా, ఆయన ఎల్లుండి ఇస్తానన్నాడు, సగం డబ్బులిచ్చేశా, మిగతాది నువ్విచ్చి తీసుకో. పంతులుగారు పళ్ళేలు బేసి సంఖ్య ఉండాలన్నారు, పదకొండు పెడదాం. చీర ఒకటి, పసుపు కుంకుమ ఒకటి, తాంబూలం ఒకటి, పూలు ఒకటి, కొబ్బరికాయలు ఒకటి, స్వీట్లు రెండు, పళ్ళు నాలుగు. కాయలు ఐదు చాల్లే. జాకెట్ ముక్కలు ...రవై తీసుకో, బీసెంట్ రోడ్డులో వద్దు, వస్త్రలతలో చూడు. శుక్రవారం మాత్రం ఎవరికీ డబ్బులివ్వకు, మీ తాతయ్య ఉన్నప్పటి నుంచీ మనకది లేదు. ఆఁ, స్వీట్లు ఐదు కాదులే, ఏడు చెయ్యి, వాళ్ళ మేనమామ వాళ్ళు కూడా వస్తున్నారట, ఇంకో పళ్ళెం పెడదాం. మేం యమగండం దాటాక బయల్దేరతాం, రాహుకాలం రాకముందే మార్చుకోవాలి. తమలపాకులు మన పంతులుగారి పక్కింటాయనకి చెప్పా... సరే పడుకో. చీర రేటు మాత్రం పెదనాన్నకి చెప్పకు."

వినే ముందు: ఎప్పుడు పంపారో రాసుకోండి

కాగితం మీద మొదటి గీత ఇదే కావాలి. నోట్ పక్కన వాట్సాప్ చూపించే టైమ్, ఆ రోజు వారం. "రేపు", "ఎల్లుండి", "మొన్న చెప్పానుగా" లాంటి మాటలన్నీ నోట్ పంపిన రోజు నుంచి లెక్క, మనం విన్న రోజు నుంచి కాదు. ఈ నోట్ వచ్చింది బుధవారం అర్ధరాత్రి దాటాక 12:20కి, ఫోన్‌లో గురువారం. అంటే తేదీ మారింది కానీ పెద్దమ్మ ఇంకా నిద్రపోలేదు. నిద్రపోని మనిషికి అది ఇంకా బుధవారమే. ఆ లెక్కన ఎల్లుండి అంటే శుక్రవారం. ఫోన్‌లో ఉన్న తేదీ పట్టుకుని లెక్కేస్తే శనివారం అవుతుంది.

ఇలాంటప్పుడు నోట్‌లోనే మరో ఆనవాలు దొరుకుతుందేమో చూడండి. "మధ్యలో మూడు రోజులే ఉంది" అంది. బుధవారానికీ ఆదివారానికీ మధ్య గురు, శుక్ర, శని, సరిగ్గా మూడు. కాబట్టి ఆవిడ మనసులో ఉన్నది బుధవారమే, చీర శుక్రవారం వస్తుంది. ఇలాంటి రెండో ఆనవాలు దొరక్కపోతే ఊహించకండి, అడగాల్సిన వాటిలో వేయండి.

నోట్ మీద వేలు నొక్కిపట్టి స్టార్ కూడా పెట్టుకోండి. ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడిపోయాక వెతకడం కష్టం.

మొదటిసారి: రాయకుండా వినండి

పెన్ను పక్కన పెట్టి, కావాలంటే 1.5x వేగంలో, చివరి దాకా ఒకసారి వినేయండి. తెలుసుకోవాల్సింది మూడే: ఏ సందర్భం, ఏ రోజు, నా వంతు ఏమిటి. మొదటిసారే రాయడం మొదలుపెడితే "స్వీట్లు ఐదు కేజీలు" రాసేసి, ఐదో నిమిషంలో అది ఏడు అయ్యేసరికి కొట్టేసి, కాగితమంతా గజిబిజి చేసుకుంటాం. ఇంకో లాభం కూడా ఉంది. ఎక్కడ మాట మార్చుకున్నారో తెలిశాక రెండోసారి ఆ చోట చెవి దానంతటదే నిలబడుతుంది.

రెండోసారి: ఆవిడ మాటల్లోనే, వాక్యం చివర పట్టుకుని

ఈసారి మామూలు వేగం. ప్రతి వాక్యానికీ ఆపి, ఒక గీతకి ఒక మాట చొప్పున, పక్కన నిమిషం వేసి రాయండి. మీ భాషలోకి మార్చకండి. "ఫాల్‌కి ఇచ్చా, ఆయన ఎల్లుండి ఇస్తానన్నాడు" అని ఉంటే అలాగే రాయాలి. అప్పుడే "చీర శుక్రవారం తేవాలి" అని రాసేస్తే, ఆ "ఆయన" ఎవరో తెలియదన్న సంగతి కాగితం మీద నుంచి మాయమవుతుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది వాక్యం చివర. మన మాటలో అసలు సంగతి, అంటే చేయాలా, చేయకూడదా, చేసేశారా అన్నది, క్రియలో ఉంటుంది, క్రియ చివర్న వస్తుంది. మనిషి ఊపిరి తగ్గేదీ, గొంతు దిగేదీ అక్కడే. పక్కన టీవీ మోగుతున్నా, కుక్కర్ విజిల్ వేసినా వినపడకుండా పోయేది ఆ చివరి అక్షరమే. "పంతులుగారి పక్కింటాయనకి చెప్పా..." అని ఆగింది. అది "చెప్పా" అయితే పని అయిపోయింది. "చెప్పాలి" అయితే ఇంకా ఎవరో చెప్పాలి, ఆ ఎవరో బహుశా మనమే. "తేకు", "తే" మధ్య ఉన్నదీ ఒక్క అక్షరమే. ఇలా తెగిన చోటల్లా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నోట్ మీది చుక్కని వెనక్కి లాగి రెండుసార్లు వినండి. అప్పటికీ తేలకపోతే పక్కన ప్రశ్నార్థకం గీసి ముందుకెళ్ళండి.

చెవిని మోసం చేసేవి ఇంకొన్ని అంకెలు. ఇరవై, అరవై ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి, మొదటి అక్షరం మింగితే ఇక తేడానే ఉండదు. యాభై, ఎనభై కూడా అంతే. పెద్దమ్మ అన్న "...రవై" జాకెట్ ముక్కలు ఎన్నో నాకు ఎన్నిసార్లు విన్నా తెలియలేదు. కబురు మొత్తం చూస్తే ఇరవయ్యే అయి ఉండాలి. తాంబూలాలకి వచ్చే ఆడవాళ్ళు అంతకు మించి ఉండరు. అయినా నలభై ముక్కల తేడా అంటే డబ్బు తేడా, అందుకే ఇదీ అడగాల్సిందే.

కొలతలు చెప్తే ఆ కొలతే రాయండి. మూర అంటే మూరే, అమ్మేవాళ్ళకీ తెలుసు, దాన్ని మీటర్లలోకి మార్చి తలనొప్పి తెచ్చుకోనక్కర్లేదు. పాత కొలతలు వస్తే మాత్రం మార్చి పక్కన వేసుకోవాలి, కొట్టువాడికి తెలియకపోవచ్చు. వీశె అంటే దాదాపు 1.4 కిలోలు, అర్ధవీశె 700 గ్రాములు, పదలం 350 గ్రాములు. మా ఇళ్ళల్లో బెల్లం, చింతపండు దగ్గర ఇవి ఇప్పటికీ వినిపిస్తాయి.

కబుర్లని పారేయకండి

రాసుకున్న గీతలు ఒక్కొక్కటీ చూసి పక్కన ఒక అక్షరం వేయండి. నేను వేసేవి ఇవి: చేయాల్సినదానికి "ప", జాగ్రత్తకీ షరతుకీ "జా", అయిపోయినదానికి "అ", తెలియనిదానికి "?". ఏదీ కాని గీత ఉంటే దాన్ని ఇంకోసారి చదవండి. చాలాసార్లు దాని లోపల ఏదో ఒకటి ఉంటుంది.

అక్క తాంబూలాల కబురే చూడండి. పైకి అది పాత కోపం. కానీ పెద్దమ్మ "పూలు ఆదివారం పొద్దునే తే" అని నోట్ మొత్తంలో ఎక్కడా అనలేదు. ఆ మాట ఉన్నది ఈ కబురులోనే: ముందురోజు తెచ్చారు, ఫ్రిజ్‌లో పెట్టారు, రంగు మారింది. అంటే రెండు జాగ్రత్తలు. పూలు ఆ రోజు పొద్దునే కొనాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. "అననే అంది" అన్న ముక్క వల్ల ఇది ఆవిడకి ఎంత ముఖ్యమో కూడా తెలుస్తుంది. మిగతావాటిలో అటూ ఇటూ అయినా ఊరుకుంటుంది, దీంట్లో ఊరుకోదు. జాబితాలో దీని పక్కన నేను ఒక నక్షత్రం గుర్తు పెడతాను.

"మీ తాతయ్య ఉన్నప్పటి నుంచీ మనకది లేదు" అన్నదీ ఇంతే. శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వకపోవడం ఒక పనికి సంబంధించిన షరతు కాదు, ఆ రోజు చేసే ప్రతి పని మీదా పడే షరతు. ఇలాంటివాటిని ఏ ఒక్క పని పక్కనా రాయకూడదు. కాగితం పైన, పెద్దక్షరాల్లో ఉండాలి. తర్వాత అన్ని పనులనీ దాని కింద నిలబెట్టి చూడాలి.

అయిపోయినవాటిని ("సగం డబ్బులిచ్చేశా") కూడా కొట్టేయకండి. టైలర్ దగ్గర "మొత్తం ఇవ్వాలి" అంటే చెప్పడానికి మన దగ్గర ఉన్న ఆధారం అదే.

మాట మార్చిన చోట: చివరిదే లెక్క, కానీ దాని వెంట ఏం కదిలిందో చూడాలి

ఒకే విషయం రెండుసార్లు వస్తే రెండోదే నిలుస్తుంది. స్వీట్లు ఏడు కేజీలు, సమానంగా అంది కాబట్టి లడ్డూలు మూడున్నర, కాజాలు మూడున్నర. ఇక్కడిదాకా తేలికే.

అయితే ఆ సవరణలోనే "ఇంకో పళ్ళెం పెడదాం" అంది. ముందు చెప్పిన పళ్ళేలు కూడితే ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, నాలుగు, మొత్తం పదకొండు. ఇంకోటి కలిపితే పన్నెండు. పంతులుగారు బేసి సంఖ్య ఉండాలన్నారు. ఆవిడ స్వీట్ల గురించి ఆలోచిస్తూ ఆ మాట అంది, పళ్ళేల లెక్క అప్పుడు మనసులో లేదు. మనం పన్నెండు పళ్ళేలు సర్దుకుని వెళ్తే, గడప దగ్గర లెక్కపెట్టుకుని ఆవిడ కంగారు పడుతుంది.

అందుకే ఏ అంకె మారినా, ఆ అంకె ఇంకెక్కడెక్కడ తగులుతుందో వెతకాలి. మనుషుల సంఖ్య మారితే తిండి, కుర్చీలు, బండ్లు కదులుతాయి. రోజు మారితే డబ్బు కట్టే రోజూ, సరుకు తాజాదనమూ కదులుతాయి. వాటిలో మనం తేల్చుకోగలిగినవి తేల్చి, ఆవిడ ఇష్టం మీద ఉన్నవి ప్రశ్నల్లోకి పంపాలి. పళ్ళెం తగ్గించాలా, మరోటి పెంచాలా అన్నది పెళ్ళికొడుకు తల్లి తేల్చాల్సిన సంగతి.

ఇలాంటి ముడి ఇంకొకటి కూడా ఉంది. చీర శుక్రవారం వస్తుంది, మిగతా డబ్బు ఇచ్చి తీసుకోమంది, శుక్రవారం డబ్బులివ్వొద్దంది. మూడూ ఆవిడే చెప్పింది, మూడూ కలిపి కుదరవు.

టైమ్ చెప్పని చోట టైమ్ లాగడం

నోట్‌లో ఒక్క గడియారం టైమ్ కూడా లేదు. కానీ యమగండం, రాహుకాలం ఉన్నాయి. ఆదివారం యమగండం మధ్యాహ్నం 12 నుంచి 1:30, రాహుకాలం సాయంత్రం 4:30 నుంచి 6. పొద్దు పొడవుని బట్టి పంచాంగంలో కాస్త అటూ ఇటూ అవుతాయి కాబట్టి, పంతులుగారు చెప్పిన టైమ్ ఉంటే దాన్నే తీసుకోవాలి. లేకపోతే ఈ అంకెలతో మొదలుపెట్టవచ్చు.

పెద్దమ్మ వాళ్ళు 1:30 తర్వాత గుంటూరులో బయల్దేరతారు. విజయవాడకి దాదాపు 35 కిలోమీటర్లు, మంగళగిరి మీదుగా కారులో గంట. వారధి దగ్గర బండ్లు ఆగితే ఇంకా ఎక్కువ. మూడింటికల్లా సత్యనారాయణపురం చేరతారనుకుందాం. 4:30 లోపు తాంబూలాలు మార్చుకోవాలి. మధ్యలో పలకరింపులు, కాఫీలు, పంతులుగారి మంత్రాలు. అంటే వాళ్ళు దిగేసరికి పళ్ళేలన్నీ సర్ది ఉండాలి. మన గడువు ఆదివారం మధ్యాహ్నం 2:30. ఇక అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తూ రావాలి.

పూలు, అరటిపళ్ళు లాంటివి ఎంత ఆలస్యంగా కొంటే అంత మంచిది. ఆర్డర్ ఇవ్వాల్సినవి ఎంత ముందు చెప్తే అంత మంచిది. ఏడు కేజీల స్వీట్లకి అడ్వాన్స్ అడుగుతారు. శుక్రవారం ఇవ్వకూడదు, శనివారం చెప్తే ఆదివారానికి కుదరదనవచ్చు, కాబట్టి గురువారమే వెళ్ళాలి. తాతయ్య నాటి ఆ ఒక్క షరతు స్వీట్ల పనిని జాబితాలో మొదటికి తెచ్చింది.

అడగడం

ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చండి. గుర్తొచ్చినప్పుడల్లా ఒకటి అడిగితే ఒక్కోదానికి ఒక్కో వాయిస్ నోట్ వస్తుంది. మళ్ళీ మొదటికొస్తాం. మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయండి. మా పెద్దమ్మకి వంట అయ్యాక పదకొండింటికి తీరిక, మీ ఇంట్లో ఎప్పుడో మీకు తెలుస్తుంది.

జవాబు ఒక్క మాటలో వచ్చేలా అడగాలి. "జాకెట్ ముక్కల సంగతేంటి పెద్దమ్మా?" అంటే రంగుల దగ్గర్నుంచి మొదలవుతుంది. నేను అడిగినవి ఇవి:

"జాకెట్ ముక్కలు రెండు పదులా, ఆరు పదులా?"

"స్వీట్లకి ఇంకో పళ్ళెం పెడితే పన్నెండవుతాయి. పళ్ళది ఒకటి తగ్గించి పదకొండు చేయనా, ఇంకోటి కలిపి పదమూడు చేయనా?"

"చీర శుక్రవారం ఇస్తే డబ్బులివ్వాలి కదా. శనివారం వెళ్ళి తెచ్చుకోనా? టైలర్ రసీదు ఫోటో తీసి పంపు."

"తమలపాకులకి నువ్వు చెప్పేశావా, నేను చెప్పాలా?"

రెండు పదులు, ఆరు పదులు అని అడిగితే ఫోన్‌లోనూ పొరబడే వీలుండదు. రసీదు ఫోటో అడగడం వల్ల "ఆయన" ఎవరో, కొట్టు ఎక్కడో, ఇంకా ఎంత ఇవ్వాలో ఒకేసారి తేలిపోతాయి. జవాబు రాగానే "అయితే ఇరవై" అని తిరిగి చెప్పి, ఆవిడ "ఊఁ" అన్నాకే రాసుకోవాలి.

వచ్చిన జవాబులు: ఇరవై. పదమూడు పళ్ళేలు, పదమూడోదాంట్లో పటికబెల్లం, ఎండు ఖర్జూరాలు. చీర శనివారం. తమలపాకులకి ఆవిడే చెప్పింది, శనివారం సాయంత్రం విజయవాడలో మా ఇంటికే తెచ్చిస్తారు. చూశారుగా, ఒక జవాబులోంచి కొత్త కొనుగోలు పుట్టింది. ఒక పని మన చేతిలోంచి పోయినా, "వచ్చాయా లేదా చూడు" అన్న చిన్న పని మిగిలింది.

జాబితా రాయడం

ఒక గీతలో ఒక పని, ఒకచోట జరిగేది. గీత మొదట్లో చోటు, తర్వాత ఏం కావాలో, ఎంతో. చివర్న జాగ్రత్త ఉంటే అది. "స్వీట్లు" అని ఒక్క మాట రాస్తే అందులో ఆర్డర్ ఇవ్వడం, తెచ్చుకోవడం రెండు పనులు దాక్కుంటాయి, మొదటిది అవగానే టిక్ పెట్టేస్తాం. విడదీసి రాయాలి.

ఆవిడ వరస ఇప్పుడిలా మారింది:

అన్నిటికీ: శుక్రవారం ఎవరికీ డబ్బు ఇవ్వకూడదు. ఆదివారం 2:30కి పళ్ళేలు సిద్ధం.

గురువారం
☐ స్వీట్ల కొట్టు: లడ్డూలు మూడున్నర, కాజాలు మూడున్నర కేజీలు ఆర్డర్. అడ్వాన్స్ ఈరోజే. ఆదివారం కొట్టు ఎన్నింటికి తెరుస్తారో అడగాలి
☐ వన్‌టౌన్, వస్త్రలత: జాకెట్ ముక్కలు 20

శుక్రవారం
☐ ఇంట్లో: పళ్ళేలు 13 ఉన్నాయా లెక్క చూడాలి. తక్కువైతే పిన్ని దగ్గర తేవాలి

శనివారం
☐ టైలర్: చీర తీసుకోవాలి. సగం ఇచ్చేశారు, మిగతాది ఇవ్వాలి. రసీదు ఫోన్‌లో. ఫాల్ పూర్తిగా కుట్టారో విప్పి చూడాలి
☐ కాళేశ్వరరావు మార్కెట్: నాలుగు రకాల పళ్ళు, కొబ్బరికాయలు 5
☐ కిరాణా: పసుపు, కుంకుమ, వక్కలు, పటికబెల్లం, ఎండు ఖర్జూరాలు
☐ సాయంత్రం: తమలపాకులు వచ్చాయా? రాకపోతే 7కి పెద్దమ్మకి ఫోన్

ఆదివారం
☐ పొద్దున: మల్లెపూలు 10 మూరలు ★ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, తడిబట్టలో చుట్టాలి
☐ స్వీట్ల కొట్టు: 7 కేజీలు తేవాలి, తూకం చూసుకోవాలి
☐ 1:30 నుంచి పళ్ళేలు సర్దడం: చీర 1, పసుపు కుంకుమ 1, తాంబూలం 1, పూలు 1, కొబ్బరికాయలు 1, స్వీట్లు 3, పళ్ళు 4, పటికబెల్లం, ఖర్జూరాలు 1

పసుపు, కుంకుమ, వక్కలు కొనమని పెద్దమ్మ ఎక్కడా చెప్పలేదు, పళ్ళేల లెక్కలో పసుపు కుంకుమ, తాంబూలం అన్న పేర్లు వచ్చాయంతే. పళ్ళెంలో ఉండాల్సిన ప్రతి వస్తువుకీ కొనే గీత ఒకటి ఉందా అని చివర్న సరిచూస్తే ఇలాంటివి బయటపడతాయి. తడిబట్ట, తూకం నేను కలిపినవి. ఆవిడ చెప్పనివి కలిపితే తప్పు లేదు, ఆవిడ చెప్పినవాటిలో ఏదీ జారిపోకూడదు. అందుకే జాబితా చేతిలో పెట్టుకుని నోట్ మూడోసారి వినండి. ప్రతి వాక్యానికీ జాబితాలో వేలు పెట్టి చూపించగలగాలి.

ఒక్క వాక్యానికి మాత్రం చూపించకూడదు. చీర రేటు పెదనాన్నకి చెప్పొద్దంది. "పెదనాన్నకి చెప్పకూడదు" అని జాబితాలో రాస్తే, ఆ జాబితా గ్రూపులోకి వెళ్ళిన క్షణం ఆయనే చదువుతారు. రసీదు ఫోటో కూడా గ్రూపులో పెట్టకూడదు. వాయిస్ నోట్‌లో మనిషిని నమ్మి చెప్పిన మాటలుంటాయి. మీ అక్క అత్తగారు ఏమందో, ఎవరి దగ్గర ఎంత అప్పుందో, అవి మన దగ్గరే ఆగాలి. జాబితా ఎవరికైనా చూపించగలిగేలా ఉండాలి. నోట్‌ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకపోవడమే మర్యాద.

పంపాక

జాబితాని పెద్దమ్మకి టైప్ చేసి పంపండి. చిన్న అక్షరాలు చదవలేనివాళ్ళయితే ఫోన్‌లో చదివి వినిపించండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల వరకే మార్చగలం. ఆ తర్వాత "ఇంకోటి మర్చిపోయా నానా" అని నోట్ వస్తే, దాన్ని పాత జాబితా కింద ఇంకో మెసేజ్‌గా తగిలించకండి. రెండు చోట్ల ఉన్న జాబితాలో ఒకదాన్నే మనుషులు చూస్తారు. కొత్త సంగతి చేర్చి మొత్తం మళ్ళీ పంపి, పైన "శుక్రవారం రాత్రి 9 గంటలది, పాతది వద్దు" అని రాసి, పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని చాట్‌లో పిన్ చేయండి. అయిపోయిన పనికి రెండు వైపులా `~` పెట్టి పంపితే గీత కొట్టినట్టు కనిపిస్తుంది, ఏది మిగిలిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఈ పద్ధతి మందుల దగ్గర వాడకండి. అమ్మమ్మకి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో పిన్ని వాయిస్ నోట్‌లో చెప్పిందనుకోండి, "తెల్లది పొద్దున సగం, ఆ చిన్నది రాత్రి" అని. దాన్ని ఎంత జాగ్రత్తగా విన్నా జాబితా చేయకూడదు. డాక్టర్ చీటీ ఫోటో, మాత్రల అట్టల ఫోటో తెప్పించుకుని, అట్ట మీది పేరు, మిల్లీగ్రాములు చూసి చీటీ ప్రకారమే రాయాలి. పిన్ని చెప్పినదానికీ చీటీకీ తేడా వస్తే, మాత్ర వేసే ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి.